రాజీకి రాని పుష్పకుమారి

పుష్పకుమారి ముఖం ఎవరికీ తెలియదు, గొంతు మాత్రం ఊరంతటికీ తెలుసు. డబ్బింగ్ సినిమాల్లో గయ్యాళి అత్తలూ మంత్రగత్తెలూ ఆమె నోటితోనే అరిచేవారు. ఏలూరు నుంచి వచ్చి మధురానగర్‌లో స్థిరపడిన మనిషి. ఆదివారం చర్చిలో ఆమె వాక్యం చదువుతుంటే ముందు వరుసలో పిల్లలు కిక్కురుమనేవారు కాదు.

ఆ గొంతును జగదీశ్ పాడుచేశాడు. ఫిలింనగర్‌లో సొంత స్టూడియో ఉన్న దర్శకుడు. ఒకే డైలాగు పదే పదే చెప్పించి, విసుగెత్తి ఆమెను బూతు మాట అన్నాడు. "మర్యాదగా మాట్లాడండి" అందామె. చేతిలోని స్టీలు నీళ్ల బాటిల్‌తో దవడ మీద కొట్టాడు. ఎముక విరిగింది. పళ్లు వైర్లతో బిగించి, కొన్నాళ్లకు విప్పారు. తర్వాత ఏ మాట పలికినా నత్తి. పిలుపులు ఆగిపోయాయి.

ఆస్పత్రి కాగితాలు పట్టుకుని స్టేషన్‌కు వెళ్తే ఎస్సై వాటిని తిప్పి కూడా చూడలేదు.

"గింత దానికి కేసేంది అమ్మా? సార్ పెద్దమనిషి. కూసొని మాట్లాడుకోండ్రి."

ఆ రోజు నుంచి ఆమెకు ఇద్దరు శత్రువులు. కళ్లు మూసుకుంటే ఆ ఇద్దరూ తన ముందు తలవంచుకుని నిలబడినట్టు కనిపించేది. దేవుణ్ని క్షమాగుణం అడగాల్సిన చోట, వాళ్లను నిలబెట్టే రోజు ఇమ్మని అడిగేది.

లాయరు రాజ్యలక్ష్మి చెప్పినట్టు మొదట డీసీపీకి రిజిస్టరు పోస్టులో ఫిర్యాదు పంపింది. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు జరిగినదంతా ప్రమాణపత్రంగా రాసి, మేజిస్ట్రేట్ కోర్టులో అర్జీ వేశారు.

మేజిస్ట్రేట్ పోలీసుల జవాబు అడిగింది. ఆమె స్టూడియోలో కాలు జారి పడిందనీ, కేసు కట్టేంత నేరమేమీ కనిపించలేదనీ ఎస్సై రాసిచ్చాడు. అది చదివి వినిపిస్తుంటే పుష్పకుమారి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"కొట్టిందెవరో మీకు తెలుసు. గాయం సర్టిఫికెట్ మీ దగ్గరే ఉంది" అంది మేజిస్ట్రేట్ ఆమెతో. "ఇక పోలీసులెందుకు? దీన్ని ప్రైవేటు ఫిర్యాదుగా తీసుకుని మీతో, మీ సాక్షులతో ప్రమాణం చేయించి నేనే వాంగ్మూలాలు రాసుకుంటాను. అవతలి మనిషికి నోటీసిచ్చి అతని మాటా వింటాను. ఆధారం ఉందనిపిస్తే సమన్లు ఇస్తాను, లేదంటే కొట్టేస్తాను."

రాజ్యలక్ష్మి లేచింది. "ఆ సమయానికి మైకు ఆన్‌లో ఉందండీ. దెబ్బ చప్పుడు, ఆ బూతు, అన్నీ రికార్డయ్యాయి. ఆ హార్డ్ డిస్కు నిందితుడి స్టూడియోలోనే ఉంది. మా క్లయింటు వెళ్లి తెచ్చుకోవడం కుదరదు. స్వాధీనం చేసుకోవలసింది పోలీసులే."

ఆ సంగతి పుష్పకుమారికి ముందే చెప్పింది ఆ స్టూడియో సౌండ్ ఇంజినీరు తిరుమలేశ్. బోరబండలో ఉంటాడు. "అక్కా, నా అంతట నేను కోర్టుకొస్తే నా నౌకరీ పోతది. పోలీసోళ్లు అడిగితే మాత్రం అబద్ధం జెప్ప" అన్నాడు.

రికార్డింగు గురించి ఎవరినైనా అడిగారా అని మేజిస్ట్రేట్ అడిగితే, లేదని ఎస్సై ఒప్పుకున్నాడు. తర్వాతి వాయిదాలో ఉత్తర్వు వచ్చింది: ఎఫ్ఐఆర్ నమోదు చేసి, దర్యాప్తు జరిపి, నివేదిక దాఖలు చేయాలి.

"అరెస్టు చేయమని కూడా రాయండమ్మా" అని పుష్పకుమారి లేచి అడిగేసింది.

"అది నేను రాసేది కాదు. దర్యాప్తు చేయమనే చెప్పగలను. ఏం తేలుతుందో వాళ్లు తేల్చాలి."

ఆ సాయంత్రం స్టేషన్‌లో ఎస్సై కుర్చీ చూపించి, "కూసోండి మేడమ్" అన్నాడు. ఆమె కూర్చోలేదు. అతను ఎఫ్ఐఆర్ పూర్తిచేసే దాకా ఎదురుగా నిలబడి, వత్తులూ దీర్ఘాలూ దిద్దిస్తూ చూసింది.

డిస్కు దొరికింది. జగదీశ్ అందులోని ఫైలు చెరిపించాడు గానీ, ల్యాబు దాన్ని తిరిగి బయటికి తీసింది. తిరుమలేశ్ కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఛార్జిషీటు పడింది. నేరం బెయిలు దొరికేదే కాబట్టి జగదీశ్ జైలుకు వెళ్లలేదు. ఆ కోపానికి ఆమె రెండు పూటలు అన్నం ముట్టలేదు.

వాయిదా రోజున కోర్టు వరండాలో జగదీశ్ దగ్గరకొచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. స్టూడియోకు కొత్త సినిమాలు రావడం లేదని ఆమె విన్నది.

"పుష్పగారూ, తప్పయిపోయింది. కోర్టు అనుమతిస్తే మనం రాజీ పడొచ్చట. మీరు ఒప్పుకుంటే చాలు."

పుష్పకుమారి తొందరపడలేదు. ప్రతి మాటా నత్తితోనే, నిదానంగా, అతను తప్పించుకోకుండా వినేలా పలికింది.

"ఒప్పుకోను. మీరు నా మాట ఇలాగే వినాలి. మొదటి సాక్షిని నేనే. అంతా అయ్యేదాకా వినాలి."

లోపల నుంచి కేసు పిలిచారు. జగదీశ్ వెళ్లి బోనులో నిలబడ్డాడు. అభియోగం చదివినంతసేపూ ఆమె అతని ముఖం మీంచి చూపు తిప్పలేదు. కడుపు నిండినట్టనిపించింది. మళ్లీ వాయిదా ఎప్పుడో రాజ్యలక్ష్మిని అప్పుడే అడిగింది.