సీసా మీది మాటలు, అక్క మోచేయి

అక్క పెళ్లికి ముందు, తెల్లవారగానే తను లేవకముందే వంగి తన మోచేతి మడత ఎర్రబడిందేమోనని చూసేదాన్ని. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అంతకు కొన్ని నెలల ముందు ఒక కొత్త క్రీము రాసుకుని అక్క బుగ్గలు వాచిపోయాయి. చర్మ డాక్టరుగారు వీపు మీద పట్టీలు అంటించి పరీక్ష చేసి, సువాసన కోసం కలిపేవి తనకు పడవని తేల్చారు. ఆ క్రీము డబ్బా మీద ‘హైపోఅలర్జెనిక్’ అనే ఉంది.

“ఆ మాటకి ఫలానా అని ఒక ప్రమాణం లేదమ్మా. ఎలర్జీ తక్కువగా వస్తుందని వాళ్లు చెప్పుకోవడమే. వెనకాల సన్న అక్షరాలు చదవండి” అన్నారాయన.

పెళ్లి దగ్గరపడ్డాక గుణదలలోని మా ఇంటికి బ్యూటీషియన్ ట్రయల్ మేకప్‌కి వచ్చింది. ఫౌండేషన్ సీసా మూత తీస్తూ, “డెర్మటాలజిస్ట్ టెస్టెడ్ అండీ. నాన్‌కొమెడోజెనిక్ కూడా. భయపడాల్సింది ఏం లేదు” అంది.

“డాక్టర్లు చూసిందేగా. కానివ్వండి” అంది అమ్మ, మన డాక్టరుగారే చీటీ రాసిచ్చినట్టు.

అక్క నా వైపు చూసింది. చుట్టాలొస్తే వంటింట్లోకి తప్పుకునే మనిషిని నేను. అయినా సీసా అందుకుని వెనక్కి తిప్పాను.

“ఇందులో పర్‌ఫ్యూమ్ ఉందండీ.”

“ఏంటమ్మా, వినపళ్లా” అంది బ్యూటీషియన్.

మళ్లీ చెప్పాను.

“మీ చిన్నమ్మాయి డాక్టరు చదువుతోందాండీ?”

“అబ్బే, దానికి ఏది దొరికితే అది చదవడమే” అంది అమ్మ.

“టెస్టెడ్ అంటే ఎవరో డాక్టరు చూశారనేనండీ. ఎంతమంది మీద చూశారో, ఏం తేలిందో ఇక్కడ రాయలేదు. ఆ రెండోది మొటిమల సంగతి. చర్మ రంధ్రాలు మూసుకుపోవని చెప్పడం, అదీ అందరికీ ఖాయం కాదు. ఎలర్జీకీ దానికీ సంబంధం లేదు” అన్నాను.

ఆవిడ పెట్టె అడుగు నుంచి సువాసన కలపని ఇంకో సీసా తీసింది. దాని వెనకాల అక్షరాలు రెండుసార్లు చదివాను. అక్కకు పడనివేవీ కనిపించలేదు. కానీ పరీక్షకు అందనిది ఇంకేదైనా ఉంటేనో? డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ముఖానికి వద్దు, ముందు మోచేతి మడతలో రోజూ రెండుపూటలా, వారం పైనే రాసి చూడమన్నారు. మర్నాటి నుంచి అదే పని. అక్క చేతి మీద దోమ కుట్టి ఎర్రబడినా నా గుండె ఆగిపోయేది.

పెళ్లికూతుర్ని చేసే రోజు పొద్దున, వంగి చూస్తుంటే అక్క కళ్లు తెరిచింది. నిద్ర నటిస్తోందని అప్పటిదాకా నాకు తెలియదు. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. మెల్లగా అంది:

“ఏం లేదంటే గట్టిగా చెప్పవే, ఇవాళ నేనింకా చూసుకోలా.”