ఎడమ కంటి కాటుక

మొదటి నాట్య ప్రదర్శన బ్యానర్ కోసం ఒక తల్లి కూతుర్ని చీపురుపల్లిలోని మా ఫొటో స్టూడియోకి తెచ్చింది. మేకప్ మనిషి ప్రదర్శన రోజునే వస్తాడట. అందుకని ఒట్టి ముఖంతో ఫొటో తీసి, మేకప్ కంప్యూటర్లో వేశాను. కుడి కంటి ఐలైనర్‌నే తిప్పి ఎడమ కంటికి అతికించాను.

"ఏటి బాబూ, మా పిల్ల కన్ను అలగుంటాదేటి? ఈ బేనరు కడితే పిల్ల స్టేజీ ఎక్కదు!" అంది తల్లి.

ఫొటో పెద్దది చేసి కొలిచాను. పిల్ల ఎడమ కంటి చివర పుట్టుకతోనే కుడిదాని కన్నా కొంచెం కిందికి వాలి ఉంది. కొలత దొరికాక నాకు అనుమానం ఉండదు. అతికించినది తీసేసి, ఆ రెప్ప అంచు వెంటే కొత్త గీత గీశాను. రెప్ప వెంట్రుకలను ఆ వంపుకే వంచి, చెక్కిళ్లపై ఎరుపు పలచగా అద్దాను.

కూతురు తెర మీదికి వంగింది.

"అమ్మా, ఇది నానేనే. కట్టించెయ్!"