వాష్‌బేసిన్ పక్క టేబుల్

యమునకు కోపం వస్తే చేతులు ఊరుకోవు. ఆ రోజూ అంతే. గోదావరిఖనిలో కొత్తగా తెరిచిన ఏసీ రెస్టారెంట్ మెట్లు దిగిందో లేదో, ఫోన్ తీసి ఒక్క స్టార్ కొట్టి, నోటికొచ్చింది రాసిపారేసింది. "దొంగ హోటల్! మనుషులను మనుషుల లెక్క చూడరు. మా గని క్యాంటీన్ల గీ పైసలకు పదిమంది తింటరు. ఎవ్వరూ పోకుండ్రి!"

ఉత్తినే కోపం రాలేదు లెండి. తండ్రి సదయ్య బొగ్గు తవ్వీ తవ్వీ ఊపిరి చెడి అన్‌ఫిట్ అయితే, ఆ కొలువు కూతురికి వచ్చింది. గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలిచ్చే ల్యాంప్ రూంలో డ్యూటీ. ఒక్కసారైనా నాన్నకు ఏసీలో బిర్యానీ తినిపించాలని, మొదటి షిఫ్టు అయిపోగానే యూనిఫాం మీదనే తీసుకెళ్లింది. కిటికీ పక్క టేబుల్ ఖాళీగా ఉంది. "అది బుక్ అయింది" అన్నాడు వెయిటర్, సదయ్య నుదుటి మీద బొగ్గు దిగిన నీలి మచ్చలను చూస్తూ. వాళ్లను వాష్‌బేసిన్ పక్కకు పంపాడు. కాసేపటికి కారు దిగి ఒక జంట వచ్చింది. బుకింగ్ ఉందా అని మాటవరసకైనా అడగకుండా వాళ్లను ఆ కిటికీ దగ్గరే కూర్చోబెట్టాడు. ఇక్కడ వీళ్లు తింటున్నంతసేపూ పక్కన ఎవరో ఒకరు పుక్కిలించి ఊస్తూనే ఉన్నారు. "బిర్యానీ మంచిగున్నది బిడ్డా" అన్నాడంతే సదయ్య. ఆ మాటకు యమునకు ఏడుపొచ్చింది.

మర్నాడు రివ్యూ కింద యజమాని జవాబు ప్రత్యక్షమైంది: "మేడం, గని క్యాంటీన్ రేటుకు ఏసీ బిర్యానీ మేము ఇవ్వలేము." ఆ స్క్రీన్‌షాట్ కాలనీ వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. జనం పడీపడీ నవ్వారు.

"నవ్వరా మరి?" అంది ల్యాంప్ రూంలో తోటి ఉద్యోగి సహస్ర. "క్యాంటీన్ల సగం ఖర్చు కంపెనీ పెట్టుకుంటది. గా రేటు హోటలాయన ఎట్లిస్తడు? అసలు ముచ్చట, గా బేసిన్ ముచ్చట, నువ్వు రాయనే రాయలేదక్కా. తీసెయ్యి, పీడ పోతది."

"నేనైతే తియ్య! సక్కగ రాస్త."

సాయంత్రం ఇంట్లో కూర్చుని రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. 'దొంగ' అన్న మాట తీసేయడానికి ప్రాణం ఒప్పలేదు. వాళ్లేం దొంగిలించారని తనను తానే ప్రశ్నించుకుని, పళ్లు కొరుక్కుంటూ తీసేసింది.

"బిర్యానీ మంచిగున్నదని గూడ రాయాల్నా నాయినా?"

"ఉన్నదాన్ని ఉన్నదనే రాయి. గది దాస్తే బేసిన్ ముచ్చట ఎవడు నమ్ముతడు?"

పాతదాన్నే దిద్ది, మూడు స్టార్లతో ఇలా పెట్టింది:

"మంగళవారం మధ్యాహ్నం, మొదటి షిఫ్టు దిగాక నాన్నతో వెళ్లాను. మటన్ బిర్యానీలో ముక్క మెత్తగా ఉడికింది, మసాలా సరిగ్గా పడింది. సాలన్ మాత్రం చల్లగా వచ్చింది. ఒక సింగిల్ తెప్పిస్తే ఇద్దరికీ సరిపోయింది. రెండు వందల ఎనభై రూపాయలు, ఆ పరిమాణానికి ఎక్కువ కాదు. ఇంతకుముందు క్యాంటీన్ రేటుతో పోల్చడం నా తప్పు. హాలు శుభ్రంగా, చల్లగా ఉంది, పాటల మోత తగ్గిస్తే బాగుంటుంది. వడ్డన త్వరగా అయింది. కిటికీ పక్క టేబుల్ ఖాళీగా ఉన్నా, బుక్ అయిందని మమ్మల్ని వాష్‌బేసిన్ పక్కన కూర్చోబెట్టారు. తర్వాత వచ్చినవాళ్లకు, బుకింగ్ అడగకుండానే అదే టేబుల్ ఇచ్చారు. నేను గని యూనిఫాంలో ఉన్నాను."

కింద యజమాని పాత జవాబు అలాగే ఉండిపోయింది. ఇప్పుడది ఎవరూ అడగని ప్రశ్నకు జవాబులా వెలవెలబోతోంది. ఈసారి కాలనీలో ఎవ్వరూ నవ్వలేదు. "మమ్మల్ని గూడ గాడనే కూసోబెట్టిండ్రు" అని గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు పెట్టసాగారు.

రెండు రోజులకు ఉపేందర్ ల్యాంప్ రూం కిటికీ దగ్గరికొచ్చాడు. అదే గనిలో పనిచేస్తాడు, హోటల్ యజమానికి బామ్మర్ది.

"చెల్లే, అంత మంచిగ రాసినవ్. గా ఆఖరి ముచ్చటొక్కటి తీసెయ్యరాదు?"

"అబద్ధం ఏదో చూపెట్టన్నా. గిప్పుడే తీసేస్త."

ఉపేందర్ ఫోన్ మీద వేలు పైకీ కిందికీ జరిపాడు. ఎక్కడా ఆగలేదు.

"అబద్ధమని కాదే... బావ పరేషాన్ల ఉన్నడు. గిరాకీ పాడైతున్నదంట."

"గది రాసినందుకు పాడైతున్నదా, చేసినందుకా?"

వెనక దీపాల కోసం లైనులో నిలబడ్డవాళ్లు చెవులు రిక్కించారు. ఉపేందర్ గొంతు తగ్గించాడు. "సరే, గది ఉండనీ. మీ నాయినను తీసుకొని ఇంకోసారి రా. మీ ఇద్దరికీ ఫ్రీగ పెడ్తనన్నడు బావ."

యమున అతని దీపం తీసి చేతికిచ్చింది.

"పైసలు మేమే ఇస్తం గాని, ఏ టేబుల్ కాడ కూసోబెడ్తడో అడిగి రా అన్నా."