బంగారు రంగు పెన్‌డ్రైవ్

మామగారికి రెండు విషయాల్లో ఎదురు చెప్పకూడదు. ఒకటి కాఫీలో చక్కెర, రెండోది పెన్‌డ్రైవ్‌లో జాగా. రెండూ ఎంత ఎక్కువైతే అంత మంచిదని ఆయన నమ్మకం. కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఆయనది. ఈ మధ్య కోడలు కూడా అందులో చేరింది.

గ్రంథాలయంలో కంప్యూటర్లన్నిటికీ కొత్త సిస్టమ్ ఎక్కించే పని కోడలు సొంతంగా సంపాదించిన మొదటి పని. సాయంత్రం పాఠకులు వచ్చేలోపు అయిపోవాలి. లేదంటే మళ్లీ పిలవనని లైబ్రేరియనమ్మ ముందే చెప్పేసింది.

"సిస్టమ్ ఎక్కించే ఇన్‌స్టాలర్‌కి పదహారు జీబీ పెన్‌డ్రైవ్ చాలు మామయ్యా. కాకపోతే మంచి కంపెనీది, త్వరగా రాసేది కావాలి" అంది కోడలు.

"అదెందుకమ్మాయ్, ఇదుండగా" అని ఆయన తాళాల గుత్తి తీశారు. దానికి వేలాడుతోంది, ఏదో సభలో ఊరికే ఇచ్చిన బంగారు రంగు పెన్‌డ్రైవ్. మీద 256 అని పెద్ద అక్షరాలు. పెద్దాయన మాట కాదనలేక కోడలు దాన్నే తీసుకుంది.

గ్రంథాలయానికి వెళ్లాక ఇన్‌స్టాలర్‌ని అందులోకి రాయడం మొదలైంది. ఎంత పని అయిందో చూపే తెర మీది గీత కదలదే! కోడలు బల్లలు తుడిచి చూస్తే సగం, కుర్చీలు తుడిచి చూస్తే ఇంకా సగమే. నిదానంగా రాస్తే గట్టిగా ఉంటుందని ఆయన సెలవిచ్చారు. చివరికి రాయడం పూర్తయిందని తెర మీద కనబడింది. సరిచూసే దాకా ఆగుదామంటే ఆయన ఆగనివ్వలేదు.

మొదటి కంప్యూటర్ బాగానే తెరుచుకుంది. సగం దూరం వెళ్లి, ఫైలు చదవలేకపోతున్నానంటూ ఆగిపోయింది. ఆయన కంప్యూటర్‌ని తిట్టారు. పెన్‌డ్రైవ్ ఇంకో రంధ్రంలో పెట్టి, ఆ రంధ్రాన్నీ తిట్టారు. మళ్లీ అక్కడే ఆగింది.

కోడలు పెన్‌డ్రైవ్ తీసి, రాసింది రాసినట్టు ఉందో లేదో సరిచూసింది. మొదటి భాగం సరిగ్గానే ఉంది. తర్వాతదంతా శూన్యం.

"లోపల నాలుగు జీబీ కూడా లేదు మామయ్యా. నిండాక కూడా ఇమ్మంటుంది, పుచ్చుకున్నానంటుంది, ఏదీ దాచుకోదు."

లైబ్రేరియనమ్మ గడియారం వైపు చూసింది. కోడలు పెన్‌డ్రైవ్‌ని తుడిచి జాగ్రత్తగా ఆయన చేతిలో పెట్టింది. అదే ఆయన్ని కోసేసింది. చెప్పులేసుకుని ఎండలో బజారుకి పరిగెత్తారు.

"పెద్దది చూపించనా?" అన్నాడు కొట్టువాడు.

"పెద్దరికం నా దగ్గర చాలా ఉంది. త్వరగా రాసేది, సీలు తీయనిది ఇవ్వు. పదహారు చాలు. అలాంటివే రెండివ్వు, రెండు కంప్యూటర్లకి ఒకేసారి ఎక్కిస్తాం."

ఈసారి ఇన్‌స్టాలర్ చకచకా రాసుకుంది. సరిచూస్తున్నంత సేపూ ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాఠకులు మెట్లెక్కుతుంటే చివరి కంప్యూటర్ కూడా తెరుచుకుంది.

"బాగా చేశారండీ, ఇక అన్నిటికీ మిమ్మల్నే పిలుస్తాను" అంది లైబ్రేరియనమ్మ, అలవాటుగా మామగారి వైపు తిరిగి.

"నన్ను కాదమ్మా, మా కోడల్ని పిలవండి" అన్నారాయన. "నేను పెన్‌డ్రైవులు తెచ్చిపెట్టేవాణ్ణి."

కోడలు తల వంచుకుని వైర్లు చుట్టింది. కళ్లు తడిశాయి. బంగారు పెన్‌డ్రైవ్‌ని ఆయన తాళాల గుత్తికే తగిలించారు. తాళాలు వెతుక్కోవడానికి మాత్రం అది భేషుగ్గా పనికొస్తోంది.