మూడో వరుసలో మూడు స్టార్లు

ఎనభైల చివర్లో గురజాలలో డిష్ పెట్టి ఇళ్లకు వైరు లాగిన వాళ్ల దగ్గర నేను వైరు మీద సిగ్నలు పెంచే బూస్టర్లు చూసే పని నేర్చుకున్నాను. నాకెవరూ పాఠం చెప్పలేదు. చూసిన ప్రతి అంకెనూ చిత్తు పుస్తకంలో రాసుకుని, సాయంత్రం వాటిని పక్కపక్కన పెట్టి పోల్చుకునేవాణ్ణి. ఆ పనికి ఒకటే సూత్రం. మూడో బూస్టర్ దగ్గర బొమ్మ రాకపోతే నాలుగో దాని దగ్గరా రాదు, ఐదో దాని దగ్గరా రాదు. నాలుగో దాని దగ్గర బొమ్మ ఉందంటే మూడోది బాగున్నట్టే. పాతికేళ్లు ఆ సూత్రంతోనే బతికాను. సరిగ్గా దాని అవసరం పడిన రోజున దాన్ని సగమే గుర్తుపెట్టుకున్నాను.

ఆ కేబుల్ ఆఫీసే తర్వాతి కాలంలో ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ కంప్యూటర్లూ ఫిర్యాదులూ చూసేది నేనే. గురజాల నుంచి నడికుడి దాకా స్తంభాల మీద ఫైబర్ లాగారు. అక్కడ పై కంపెనీ లైను తగులుకుంటుంది. ఆ దారి మొత్తాన్ని చూసేది ఒక్క మనిషి. ఒకప్పుడు మోటారు మెకానిక్. నెట్‌ను వెలుతురుగా మోసే వెంట్రుకంత గాజు పోగుల్ని కరిగించి అతికించే పని సొంతంగా నేర్చుకున్నాడు. ఊరంతా అతన్ని భాయ్ అనేది. అతను నన్ను మేష్టారూ అనేవాడు, నేను ఏ బడిలోనూ పాఠం చెప్పకపోయినా. అతని దారిలో పదకొండు అతుకులుండేవి. దేనికెంత వెలుతురు పోతోందో నాకు ఫోన్‌లో చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి.

ఆ ఏడు వానల్లో ఫిర్యాదులు మొదలయ్యాయి. నెట్ పూర్తిగా పోదు, వస్తూ వస్తూ ఆగుతుంది. బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఆవిడ అందరికంటే ఎక్కువగా అరిచింది.

"ఏందన్నా ఇది? హాల్ టికెట్ సగం దాకా వచ్చి కూర్చుంటంది. పిల్లలు నా మొహాన్నే చూస్తన్నారు. నేనేమన్నా మింగానా దాన్ని?"

ఆమెకు ఫోన్‌లోనే రెండు ఆదేశాలు చెప్పి, నల్ల తెర మీద కొట్టించాను. మొదటిది పింగ్. "ఉన్నావా?" అని వంద సార్లు అడిగితే ఎన్నిసార్లు "ఉన్నా" అని జవాబొచ్చిందో లెక్క చెబుతుంది. రెండోది దారి చూపించేది. మన కంప్యూటరు ఒక చిన్న సమాచారపు పొట్లాన్ని పంపుతుంది, ఒక్క అంచె దాటగానే దాని ఆయువు తీరేలా. అది ఏ యంత్రం దగ్గర తీరిపోతే ఆ యంత్రం, "మీ పొట్లం నా దగ్గర ఆగిపోయింది" అని కబురు పంపాలి. తర్వాత రెండంచెల ఆయువుతో ఇంకోటి, మూడంచెలతో మరోటి. అంచెకు మూడు పొట్లాలు. కబురు ఎంతసేపటికొచ్చిందో పక్కన అంకె పడుతుంది. కబురు రాకపోతే అంకె ఉండాల్సిన చోట స్టార్ గుర్తు పడుతుంది.

ఆవిడ తెర ఫోటో తీసి కస్టమర్ల గ్రూపులో పెట్టింది. పింగ్‌లో వందకు ఎనభై తొమ్మిదే తిరిగొచ్చాయి. దారిలో ఒకటో వరుస ఆమె షాపులో డబ్బా, రెండోది మా ఆఫీసు మెయిన్ రూటరు. మూడో వరుసలో మూడు స్టార్లు, పక్కన గడువు తీరిందన్న మాట. నాలుగో వరుస నుంచి మళ్లీ అంకెలు. అవి హైదరాబాద్‌వి. అక్కడక్కడా ఒంటి స్టార్లు కూడా ఉన్నాయి.

మూడు స్టార్లు చూడగానే నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇల్లు, ఆఫీసు, నడికుడి, హైదరాబాద్ అని వేళ్ల మీద లెక్కేసుకున్నాను. మూడోది నడికుడి. ఆ వరుస చుట్టూ ఎర్రగా గుండ్రం గీసి, కింద "లైను తెగుతున్నది ఇక్కడ, నడికుడి వైపు" అని రాసి అదే గ్రూపులో పెట్టాను. రెండొందల మంది చూశారు. ఆవిడ దండం బొమ్మ పెట్టింది. నాకు గర్వంగానే అనిపించింది.

మా ఆఫీసు ఓనరు, భాయ్‌ని పిలిపించాడు. నేను నా కుర్చీలోనే ఉన్నాను.

"ఆ ఎర్ర గుండ్రం చూశావా? అది నీ దారే."

"లైటు బాగానే ఉంది సార్. నడికుడి కాడ మీటరు పెట్టి చూశా. మైనస్ పద్నాలుగు. పోయిన నెలా అంతే ఉంది."

"నీ మీటరు నీ మాటే చెబుద్ది. మేష్టారు కంప్యూటర్లో చూశాడు. అదేమన్నా నీకు పాలివాడా, అబద్ధం చెప్పటానికి?"

భాయ్ నా వైపు తిరిగాడు. "పోయిన నెల అంకె నీ పుస్తకంలోనే ఉందిగా మేష్టారూ? చెప్పు."

పుస్తకం నా సొరుగులోనే ఉంది. మైనస్ పద్నాలుగు అని నా చేత్తోనే రాసి ఉంది. నేను, "ఒకసారి అతుకు విప్పి చూస్తే పోయేదేముంది భాయ్" అన్నాను.

పోయేదేమిటో తర్వాత తెలిసింది. అతుకు విప్పితే ఊరంతటికీ నెట్ ఆగిపోతుంది. వానలో గొడుగు కింద కూర్చుని బాగున్న పోగును కోసి మళ్లీ అతికించాడు. రెండు గంటలు ఊరు అతన్ని తిట్టింది. అతికించాక మీటరు మళ్లీ మైనస్ పద్నాలుగే చూపించింది. ఆవిడ మళ్లీ తెర ఫోటో పెట్టింది. మూడో వరుసలో మళ్లీ మూడు స్టార్లు. ఓనరు పక్క అతుకు విప్పమన్నాడు. ఆ తర్వాత దాని పక్కది. మూడోసారి ఆపినప్పుడు గ్రూపులో ఎవరో, "ఈ భాయ్‌కి అతికించడం వచ్చా, పంక్చర్లు వేసుకోవటం వచ్చా?" అని రాశారు. దాని కింద నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ వారమే ఓనరు అతన్ని పనిలోంచి తీసేసి, దారిని పిడుగురాళ్ల వాళ్లకిచ్చాడు. "కొత్త టీము వస్తోంది, పాత పనితనం లోపం సరిచేస్తారు" అని గ్రూపులో పెట్టాడు.

కొత్త వాళ్లొచ్చినా వందకు ఎనభై తొమ్మిదీ, తొంభైయే.

ఒకరోజు మధ్యాహ్నం ఏమీ తోచక, ఆఫీసు కంప్యూటరు నుంచే మా మెయిన్ రూటరుకు పింగ్ కొట్టాను. రెండూ ఒకే గదిలో ఉన్నాయి. మధ్యలో ఉన్నది ఓనరు ఎక్కడో పాతది కొని తెచ్చిన స్విచ్చి డబ్బా ఒక్కటే. ఊళ్లో లైన్లన్నీ దానిలోంచే రూటరుకు చేరతాయి. ఫైబర్ లేదు, స్తంభం లేదు, నడికుడి లేదు. వందకు ఎనభై ఎనిమిది తిరిగొచ్చాయి.

ఇంకోసారి కొట్టాను. తొంభై. వైరు మార్చి కొట్టాను. ఎనభై తొమ్మిది. అటక మీది మరో డబ్బా దించి, రాత్రి మూసేవేళ దాకా ఆగకుండా అప్పుడే మార్చాను. వందకు వంద. ఇంకోసారి, వందకు వంద. సెంటర్ ఆవిడకు ఫోన్ చేసి ఆ రెండు ఆదేశాలు మళ్లీ కొట్టమన్నాను. పింగ్ వందకు వంద. దారిలో ఒంటి స్టార్లు ఎక్కడా లేవు. మూడో వరుసలో మాత్రం ఆ మూడు స్టార్లు అలాగే ఉన్నాయి.

అప్పుడు పాత ఫోటో తెరిచి మొదటిసారిగా నాలుగో వరుస చదివాను. హైదరాబాద్ నుంచి కబురొచ్చింది. మూడో యంత్రం దాటకుండా హైదరాబాద్‌కు దారి లేదు. నాలుగు జవాబిచ్చిందంటే మూడు బాగున్నట్టే. అది పై కంపెనీ రూటరు. పొట్లాలను ముందుకు పంపడం దాని పని. ఆయువు తీరిన పొట్లాలకు కబురు పంపకుండా దాన్ని వాళ్లే కట్టేశారు. అది నడికుడిలోనే ఉందని కూడా నాకెవరూ చెప్పలేదు. ఆ వరుసలు లెక్కపెట్టేది రూటర్లను, ఊళ్లను కాదు. ఫైబర్ అతుకు అందులో ఒక వరుసగా ఎప్పటికీ కనపడదు. అసలు సంగతి చెప్పినవి ఆ ఒంటి స్టార్లు. నష్టం రెండో అంచెకు ముందే, మా గదిలోనే మొదలై, ఆ తర్వాతి అన్ని వరుసల మీదా చెదురుగా పడింది. నేను వాటిని దుమ్ము అనుకుని వదిలేశాను.

ఓనరుకు చెప్పాను. అతను డబ్బా వైపు చూశాడు.

"బాగయిందిగా?"

"అయింది. భాయ్ తప్పేం లేదు. గ్రూపులో చెప్పాలి."

"ఏమని చెబుతావ్? మూడుసార్లు ఊరు ఊరంతా నెట్ ఊరికే ఆపామనా? కొత్త టీము బాగుచేసిందనుకుంటన్నారు, అనుకోనీ."

మర్నాడు భాయ్ ఇంటికి వెళ్లాను. అతను వరండాలో ఒక ఫ్యాను విప్పుతున్నాడు. కాగితం మీద గీతలు గీసి, అంచె అంచెకూ వివరించాను. విప్పుతున్న ఫ్యాను పక్కన పెట్టి విన్నాడు.

"మరి ఆ గుండ్రం గీసిందెవరు?"

"నేనే."

"రెండొందల మందిలో గీశావ్. నా ఒక్కడికీ వచ్చి చెబుతున్నావ్."

ఆఫీసుకు తిరిగొచ్చి గ్రూపులో రాశాను. "లోపం మా ఆఫీసు స్విచ్చిలో ఉంది. నేను గీసిన గుండ్రం తప్పు. అతుకులన్నీ మొదటి నుంచీ బాగున్నాయి." ఇరవై నిమిషాల్లో ఓనరు దాన్ని తీసేశాడు. అప్పటికి చదివినవాళ్లు ఏడుగురు. వాళ్లలో సెంటర్ ఆవిడ ఒకత్తే ఫోన్ చేసింది.

"అయితే భాయ్‌ని మళ్లీ పిలుస్తారా అన్నా?"

"నా చేతిలో లేదమ్మా."

"గుండ్రం గీయటం మటుకు నీ చేతిలో ఉందే" అని పెట్టేసింది.

నెల తర్వాత భాయే నా దగ్గరికి వచ్చాడు. కృష్ణ అవతల మిర్యాలగూడ వైపు ఒక కంపెనీలో అతికించేవాళ్లు కావాలట, ముందు పనిచేసిన చోటు నుంచి కాగితం అడిగారట. ఓనరు ఇవ్వనన్నాడు. పనితనం బాగోలేదని తీసేసినవాడికి బాగుందని ఎట్లా రాస్తానన్నాడట. ఒక రకంగా అది నిజమే. బాగుందని రాస్తే స్విచ్చి మాట బయటికొస్తుంది.

తెల్లకాగితం తీసుకుని నేనే రాశాను. పదకొండు అతుకులు, ఒక్కోదానిలో పోయిన వెలుతురు, కొలిచిన తేదీ, అన్నీ నా పుస్తకంలోంచి ఎత్తి రాశాను. ఏ ఒక్కదానిలోనూ డెసిబెల్‌లో పదో వంతు కూడా పోలేదు. కింద కూడిక వేసి, సరిచూసి, సంతకం చేశాను.

భాయ్ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. అంకెలు తప్పు లేవన్నట్టు తల ఊపాడు. తర్వాత కాగితాన్ని వెనక్కి తిప్పి చూశాడు.

"సీలు లేదుగా మేష్టారూ" అన్నాడు.

కాగితాన్ని బల్ల మీదే ఉంచి, బయట వాన తగ్గేదాకా కూడా ఆగకుండా వెళ్లిపోయాడు.