కంకిపాడు వ్యాను

కొల్లేటి చేపల్ని బెజవాడ మార్కెట్‌కి తీసుకెళ్ళడానికి మాకు బస్సే దిక్కుగా ఉన్న రోజులవి. బుట్టల్లోంచి నీళ్ళు కారుతుంటే కండక్టరు గొణిగేవాడు, పక్కవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. అందుకే కంకిపాడులో ఒక రైతు తన సరుకుల వ్యాను అమ్ముతున్నాడని తెలియగానే మా ఆయన నన్ను వెంటబెట్టుకుని అక్కడికి బయలుదేరాడు. ఆయన అప్పటికి వేరేవాళ్ళ లారీ మీద డ్రైవరు.

వ్యాను బాగుంది. మా ఆయన కిందకి దూరి చూశాడు, ఇంజను చెవి పెట్టి విన్నాడు. నల్ల మసి చేతులతో పైకి లేచేసరికే ఆయన ముఖం చూసి, ఇక బేరం అయిపోయినట్టే అనుకున్నాను. అడ్వాన్సు ఇచ్చేద్దామంటూ నా వైపు తిరిగాడు. డబ్బు నా దగ్గరుంది.

"ఆర్సీ పుస్తకం చూపించండి," అన్నాను.

రైతు జేబులోంచి మడత నలిగిన కాగితం తీశాడు. అది పోలీసులు ఇచ్చిన రసీదు. బండి మీద చిన్న కేసుందనీ, పుస్తకం కోర్టులో ఉందనీ, తర్వాత తెచ్చిస్తాననీ అన్నాడు. మా లారీ ఓనరు ఇలాగే కాగితాలు చూడకుండా బండి కొని, పాత ఓనరు కేసులకీ అప్పులకీ ఏడాదంతా తిరగడం మేమిద్దరం చూసినవాళ్ళమే. పుస్తకం చేతికొచ్చాకే అడ్వాన్సు అన్నాను. మా ఆయన అలిగి, బస్సులో గుడివాడ దాకా వేరే సీట్లో కూర్చున్నాడు.

తర్వాతి వారం ముగ్గురం బెజవాడ కోర్టులో కలిశాం. రైతు తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు. సరుకుల బండిలో ఊళ్ళోవాళ్ళని నాటకానికి ఎక్కించుకెళ్ళాడట. ఈ బండి మీద ఇంకేమైనా కేసులున్నాయా అని గుమాస్తాని అడిగాను. ఆయన చూసి, ఈ కోర్టులో లేవన్నాడు. పుస్తకం చేతికొచ్చింది. నేను వరండాలోనే నిలబడి చదివాను. పదో తరగతి దాకా చదివిన చదువు ఆ రోజు పనికొచ్చింది.

ఓనరు పేరు దగ్గర ఆడమనిషి పేరుంది. దాని కింద, బండి ఒక ఫైనాన్స్ కంపెనీ అప్పు మీద తీసుకున్నట్టు రాసుంది.

"మా ఆవిడ పేరండీ అది," అన్నాడు రైతు నెమ్మదిగా. "అప్పు ఎప్పుడో తీరిపోయింది."

అయితే సంతకం ఆవిడే పెట్టాలి కదా అంటే, అమ్ముతున్న సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదన్నాడు. మా ఆయన అంతవరకూ నా మీద అలిగి ఉన్నవాడు, ఒక్కసారిగా పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

మళ్ళీ కంకిపాడు వెళ్ళాం. ఆవిడ గేదె పాలు పితికి లేస్తోంది. విషయం విని మొగుణ్ణి ఎగాదిగా చూసింది. కోపగించుకుంటుందనుకున్నాను. నవ్వింది. ఆఖరి వాయిదాలు తను పాలమ్మే కట్టిందట. లోపలికెళ్ళి, పాతచీర మూటలోంచి రసీదులన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. కంపెనీ వాళ్ళు ఉత్తరం ఇస్తేనే పుస్తకంలో అప్పు కొట్టేస్తారని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

"అమ్ముతాను గానీ ఒక్కమాటమ్మా," అంది నాతో. "ఊరందరినీ ఎక్కించుకు తిప్పారు. నన్ను ఒక్కనాడూ ఎక్కించలేదు. సంతకానికి బెజవాడ బస్సులో రాను. నా బండిలోనే వస్తాను."

మర్నాడు మా ఆయన నడిపాడు. ముందు సీట్లో మేమిద్దరం ఆడవాళ్ళం. సరుకుల బండిలో వెనక మనుషుల్ని ఎక్కించకూడదు కాబట్టి రైతుని బస్సులో రమ్మన్నాం. బందరు రోడ్డు పొడవునా ఆవిడ కిటికీ బయట పెట్టిన చెయ్యి లోపలికి తియ్యలేదు. తెలిసినవాళ్ళు కనిపిస్తే చాలు, పిలిచి మరీ పలకరించింది. ఫైనాన్స్ ఆఫీసులో రసీదులు సరిచూసి, అప్పు తీరిపోయిందని ఉత్తరం టైపు కొట్టి, కాగితాల మీద సంతకం పెట్టి ఇచ్చారు. అక్కణ్ణించి ఆర్టీవో ఆఫీసుకెళ్ళాం. టాక్సు బకాయి లేదు. ఇష్టపడే అమ్ముతున్నారా అని అక్కడి గుమాస్తా ఆవిడని అడిగితే, కడుపునిండా తిరిగాక అమ్ముతున్నానండీ అంటూ సంతకం పెట్టింది. ఆఫీసంతా నవ్వింది. చెమట తుడుచుకుంటూ అప్పుడే వచ్చిన రైతు కూడా నవ్వాడు. బండి డబ్బు ఆవిడ చేతిలోనే పెట్టాను.

కొన్ని వారాలకి అప్పు మాట కొట్టేసి, ఓనరు పేరు మార్చిన పుస్తకం వచ్చింది. నా పేరు మీదే రాయించమని మా ఆయనే పట్టుబట్టాడు. అప్పటికి ఆయన అలకంతా పోయింది. ఆ రాత్రి పుస్తకం ఇద్దరం ఎన్నిసార్లు తిప్పి చూశామో.

మొదటి లోడుతో వెళ్తూ కంకిపాడులో ఆగాం. ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చి, రెండు కొరమేనులు ఏరుకుని ధర అడిగింది. డబ్బు వద్దన్నాను.

"వ్యాపారం అలా చేస్తే ఎలాగమ్మా?" అంటూ డబ్బు నా చేతిలో పెట్టి, వ్యాను వెనక తలుపు సరిగ్గా పడిందో లేదో తనే గట్టిగా లాగి చూసి, మా ఆయన్ని పోనివ్వమంది.