వట్టివేరు తాగేసిన క్లోరిన్

చిక్కడపల్లిలో మా పాత ఇంటికి ఇప్పుడు మిగిలింది గేటు ఒక్కటే. ఇల్లు కూల్చి అపార్టుమెంటు కట్టినప్పుడు కింది అంతస్తులో రెండు గదుల వాటా నా పేర వచ్చింది. గేటును మాత్రం ముట్టుకోనివ్వలేదు. బిల్డరు ఎంతో బతిమాలాడు. ఆ రాతి స్తంభాల మధ్య నుంచి మా తాతగారి బగ్గీ వెళ్లేదని చెప్పి పంపించాను.

ఆ గేటు ముందు ఎండాకాలం చలివేంద్రం పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. భూములు పోయాయి, బగ్గీ పోయింది, వెండి పోయింది. చలివేంద్రం పోలేదు. పందిరి కింద ఇసుక మెత్త, దాని మీద కొత్త కుండలు, ఒక్కో కుండలో వట్టివేరు కట్ట. పొడుగు కాడ గరిటెతో పైనుంచి పోస్తాం, ఎవరి చేయీ కుండలో పడదు. వట్టివేరు నేనే బేగంబజారుకు వెళ్లి వాసన చూసి తెస్తాను. మా నాయనమ్మ తెచ్చేది, తరువాత మా అమ్మ తెచ్చేది.

తెలంగాణ వచ్చే ముందటి ఏళ్లవి. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు కోచింగ్ నుంచి తిరిగొస్తూ మా పందిరి కింద ఆగేవాళ్లు. వాళ్లలో పాలమూరు నుంచి వచ్చిన ఒక పొడుగాటి అమ్మాయి నన్ను ఆంటీ అనేది. అలా పిలవవద్దని చెప్పాను.

"మరి ఏమని పిల్వాలె?" అంది.

"అమ్మగారు అను."

"సరే ఆంటీ," అని నీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఆ వేసవిలో వాళ్ల హాస్టల్లో కామెర్లు మొదలయ్యాయి. ఒకరి తరువాత ఒకరు మంచం పట్టారు. గల్లీలో ఎవరో చలివేంద్రం నీళ్లతోనే వచ్చాయన్నారు. ఆ మాట మా ఇంట్లో కుండలు నింపే, మేం పెద్దామె అని పిలిచే ఆవిడ చెవిన పడింది. ఆవిడ గరిటె పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లింది. నేను వెనక్కి పిలిచాను. మా గేటు ముందు గొడవ జరగడం నాకు ఇష్టం లేదు.

మరునాడు ఆరోగ్య కేంద్రం డాక్టరు వచ్చింది. చిన్న వయసు, పెద్ద గొంతు. చేతిలో చిన్న పెట్టె. మా నల్లా నీళ్లు గాజు గొట్టంలో పట్టి, రెండు మూడు చుక్కలు మందు వేసింది. నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగాయి. పెట్టెలో ఉన్న రంగుల పట్టీతో పోల్చి తల ఊపింది. తరువాత కుండ నీళ్లు పట్టి అవే చుక్కలు వేసింది. రంగు రాలేదు.

"హాస్టల్ సంపులకు డ్రైనేజీ నీళ్లు దిగినయ్ అమ్మా, రోగం అక్కడ పుట్టింది. మీ నీళ్లల్ల పుట్టలే," అంది. "కానీ ఆ పిల్లలే ఇక్కడ గూడ తాగుతున్నరు. వాళ్ల చేతులు మీ గ్లాసుల మీద పడతయ్. నీళ్లల్ల క్లోరిన్ మిగిలి ఉంటే కాపలా ఉన్నట్టు. మీ కుండకు కాపలా లేదు."

"మా కుండలు రోజూ కడుగుతాం," అన్నాను.

"కడగండి. ఈ క్లోరిన్ మాత్ర కూడ వేయండి. కలిపి అర్ధగంట ఆగి పోయండి. మళ్ల వస్తా. అప్పుడు గూడ పసుపు రాకపోతే వానలు పడేదాక పందిరి తీసెయ్యాలె."

పందిరి తీసెయ్యడమా! నిజాం కాలంలో కూడా అది తియ్యలేదు. ఆ మాట ఆమెతో అన్నాను.

"నిజాం కాలంల నేను డాక్టర్‌ను కాదు గదమ్మా," అని నవ్వి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున్నే నేనే దగ్గర నిలబడి బిందెల్లో మాత్రలు వేయించాను. గడియారం చూసి ఆగాను. ఎప్పటిలాగే పందిరి కింద కుండల్లో ఆ నీళ్లు నింపి, వట్టివేరు వేసి, పోయడం మొదలుపెట్టాం. మధ్యాహ్నం డాక్టరు వచ్చి చుక్కలు వేసింది. కుండ నీళ్లు తెల్లగానే ఉన్నాయి.

"మాత్రలు వేసిండ్రా?"

"మా ఇంట్లో అబద్ధం చెప్పే అలవాటు లేదు."

"అమ్మతోడు, నా చేతులతోని వేసిన," అంది పెద్దామె. "ఇగో, నా చేతుల వాసన చూడుండ్రి."

డాక్టరు నిజంగానే వంగి వాసన చూసింది. ఆమెకూ అంతుపట్టలేదు. "మందైతే పడ్డది. మరి ఎక్కడికి పోయింది? మీ కుండలు తాగుతున్నయా ఏంది?" ఆమె పక్క గల్లీలో రోగులను చూడాల్సి ఉంది. సాయంత్రం దాకా ఆ పెట్టె నా దగ్గర ఉంచమని అడిగాను. సందేహించి ఇచ్చింది. చుక్కలు పడిన నీళ్లు ఎవరూ తాగకూడదు, పారబోయాలని రెండుసార్లు చెప్పింది. సాయంత్రానికి ఏ దారీ దొరక్కపోతే రేపటి నుంచి పందిరి ఉండదని కూడా చెప్పింది.

మాత్ర వేసిన నీళ్లు బిందెలో ఇంకా ఉన్నాయి. అందులోంచి తీసి పరీక్షించాను. పసుపు. అంటే మందు మంచిదే. అవే నీళ్లు రెండు స్టీలు గ్లాసుల్లోనూ, ఒక కొత్త మట్టి ముంతలోనూ పోశాను. ఒక గ్లాసును అలాగే వదిలి, రెండో గ్లాసులో వట్టివేరు పోగు ఒకటి వేశాను. పందిరి కింద వరసగా పెట్టి కూర్చున్నాను. కోచింగ్ నుంచి వస్తున్న పాలమూరు అమ్మాయి ఆగింది.

"ఏం పరీక్ష రాస్తున్నరు ఆంటీ?"

"నువ్వు రాసేదాని కన్నా కష్టమైనది. కూర్చో."

కూర్చుంది. కాసేపటికి ఒక్కో గ్లాసు నీళ్లు గొట్టంలో పట్టి చుక్కలు వేశాను. ఉట్టి గ్లాసు పసుపు. ముంత నీళ్లు కాస్త లేత పసుపు. వట్టివేరు గ్లాసు నీళ్లలో ఏ రంగూ లేదు. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

"వేరు తాగేసింది!" అని ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. "వేర్లు, ఆకులు, చెత్త ఏమున్నా ముందు వాటి మీదనే ఖర్చయితది క్లోరిన్. జనరల్ సైన్స్‌ల చదివిన. నేనే చెప్పాల్సింది, యాదికి రాలే!"

పెద్దామె నా వైపు చూసింది. బేగంబజారులో వాసన చూసి మరీ తెచ్చిన వట్టివేరు. కుండలోంచి అది తీస్తే మా ఇంటి నీళ్లకూ, బస్టాండు నీళ్లకూ తేడా ఏముంటుంది? తియ్యకపోతే పందిరే ఉండదు.

"పందిరికి తడక కట్టు," అన్నాను చివరికి. "ఆ వట్టివేరంతా తడకకే. కుండల్లో ఒక్క పోగు కూడా వద్దు."

తాతగారి కచేరీ గది కిటికీలకు ఎండాకాలం వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేవారు. కాబట్టి ఇదీ మా ఆనవాయితీయే. పెద్దామె, ఆ అమ్మాయి కలిసి వెదురు బద్దల మధ్య వేళ్లు పరిచి కట్టారు. పడమటి ఎండ వచ్చే వైపు వేలాడదీసి చెంబుతో నీళ్లు కొట్టాను. గాలి తగలగానే గల్లీ అంతా ఘుమఘుమలాడింది. కుండలు కడిగించి, మాత్ర వేసి అర్ధగంట దాటిన నీళ్లు నింపించాను.

డాక్టరు వచ్చేసరికి పందిరి కింద గుంపు ఉంది. ఆమె కుండలోంచి నీళ్లు తీసి చుక్కలు వేసి గొట్టం వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అందరూ మెడలు సాచి చూశారు. పసుపు రంగు వచ్చింది. రంగుల పట్టీ పక్కన పెట్టి, "సరిపోయింది," అంది. "నీళ్లు ఇట్ల పచ్చబడితే మనుషులు పచ్చబడరు. కానీ రోజూ చూస్కోవాలె అమ్మా, కుండ గూడ కొంచెం తింటది."

"చూస్తాను. ఆ పెట్టె లాంటిది నాకొకటి ఇప్పించండి."

పాలమూరు అమ్మాయి మొదటి గ్లాసు తాగి మొహం చిట్లించింది. "ఆంటీ, స్విమ్మింగ్ పూల్ లెక్క ఉన్నయ్."

"ముక్కు తడక వైపు పెట్టి తాగు," అన్నాను.

అటు తిరిగి నిలబడి తాగింది. ఆ తరువాత వచ్చినవాళ్లంతా అలాగే తడక వైపు తిరిగి తాగడం మొదలుపెట్టారు. డాక్టరు కూడా అటే తిరిగి తాగి, ఖాళీ గ్లాసు పెద్దామె ముందుకు చాచింది.

"ఇంకో గ్లాసు పోయవ్వా. ఎండల తిరిగి తిరిగి వచ్చిన."

పెద్దామె గరిటె పైకెత్తి, ధార తెగకుండా పోసింది.